హోటల్ యజమానికి మ్యాప్ ఉత్తరం రాయడం ఎలా

గోదావరి జిల్లాల్లో హోటల్ అంటే అన్నం పెట్టే చోటు. పడుకోవడానికి గది కావాలంటే లాడ్జి ఎక్కడుందని అడుగుతాం. గూగుల్‌కి ఈ తేడా తెలియదు. దాని లెక్కలో Hotel అంటే గదులు అద్దెకిచ్చే చోటే. అందుకే అమలాపురం నుంచి తణుకు దాకా ఒకే తప్పు కనబడుతుంది. భోజనం హోటల్ యజమాని కొడుకో బావమరిదో ఫోన్‌లో మ్యాప్ కార్డు, అంటే హోటల్ వివరాలు గూగుల్ మ్యాప్‌లో చూపించే పేజీ, తెరుస్తాడు. ఏ రకం వ్యాపారమని అది అడగ్గానే Hotel అని నొక్కేస్తాడు. అక్కడితో ఆ భోజనశాల లాడ్జీల వరసలో చేరిపోతుంది. రావులపాలెంలో బస్సు దిగి `restaurants near me` అని కొట్టినవాడికి అది కనబడదు. గది వెతికేవాడికి మాత్రం కనబడుతుంది.

మీది వ్యాపారాలు ఇంటర్నెట్‌లో సరిగ్గా కనబడేలా చూసిపెట్టే, ఇద్దరు ముగ్గురు పనిచేసే చిన్న ఏజెన్సీ అయితే, హోటల్ యజమానికి ఉత్తరం రాయడానికి ఇంతకంటే మంచి కారణం దొరకదు. తప్పు ఆయన ఫోన్‌లోనే ఆయనకి కనబడుతుంది, మీ మాట నమ్మాల్సిన పని లేదు. సరిచేయడానికి గూగుల్‌కి కట్టాల్సింది ఏమీ లేదు. సరైందో లేదో మళ్ళీ అదే ఫోన్‌లో చూసుకోవచ్చు. ఉత్తరంలో మీరు రాసే ప్రతి వాక్యానికీ ఇదే కొలత పెట్టుకోండి: యజమాని తన ఫోన్‌లో తాను చూసుకోలేని మాట ఏదైనా ఉంటే కొట్టేయండి.

ముందు మూడు చోట్ల వెతకండి

ఉత్తరం రాయడానికి ముందు ఒక గంట తిరగాలి. ఆఫీసులో కూర్చుని వెతికితే లాభం లేదు. మనిషి నిలబడ్డ చోటుని బట్టి మ్యాప్ ఫలితాలు మారిపోతాయి. ఇన్‌కాగ్నిటో విండో తెరిస్తే మీ పాత వెతుకులాటల ప్రభావం పోతుంది గానీ, మీరున్న చోటు ప్రభావం పోదు. కాబట్టి లొకేషన్ ఆన్ చేసుకుని మూడు చోట్ల నుంచి చూడండి: హోటల్ ముందు నుంచి, ఆ ఊరి బస్టాండు నుంచి, నాలుగైదు కిలోమీటర్ల అవతల మెయిన్ రోడ్డు మీద నుంచి. మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య చూడండి. తెరిచి ఉన్నవే చూపించమని నొక్కేవాళ్ళు చాలామంది ఉంటారు. హోటల్ మూసి ఉన్న వేళ చూస్తే, కార్డు బాగానే ఉన్నా వాళ్ళకి కనబడనట్టే మీకూ కనబడదు.

వెతికే మాటలో హోటల్ పేరు కొట్టకండి. పేరు కొడితే ఎవరిదైనా వస్తుంది, దాన్ని బట్టి ఏమీ తేలదు. కొత్తవాడు కొట్టే మాటలే కొట్టండి: `restaurants near me`, `meals`, `biryani`, ఆపైన తెలుగులో భోజనం హోటల్. ఒక్కో చోట నాలుగు చొప్పున మొత్తం పన్నెండు స్క్రీన్‌షాట్లు వస్తాయి. తారీఖు, టైము, నిలబడ్డ చోటు మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత పని చేశాక ఇవే మాటలు, ఇవే చోట్లు, ఇదే వేళ మళ్ళీ చూడాలి.

ఇప్పుడు వచ్చిన ఫలితాలని నిజాయితీగా చదవండి. స్థానిక ఫలితాలకి మూడు విషయాలు చూస్తామని గూగుల్ తానే చెబుతుంది: వెతికిన మాటకి ఈ చోటుకి ఉన్న సంబంధం, దూరం, ఆ చోటుకి ఉన్న పేరు. ఇందులో దూరం మీ చేతిలో లేదు. బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్ బస్టాండులో నిలబడ్డవాడికి ముందు కనబడుతుంది, దాని మీద ఫిర్యాదు రాయకండి. పేరు పెరగడానికి రివ్యూలు రావాలి, నెలలు పడుతుంది. ఈ వారంలో మార్చగలిగింది సంబంధం ఒక్కటే, అందులో అన్నిటికంటే బరువైనది ఏ రకం వ్యాపారమో చెప్పే క్యాటగిరీ.

తర్వాత కార్డు చదవండి

మ్యాప్‌లో హోటల్ పేరు కింద, రివ్యూ చుక్కల దగ్గర, క్యాటగిరీ రాసి ఉంటుంది. అక్కడ Hotel అని గానీ Lodging అని గానీ ఉండి, కింద తారీఖులు, ఎంతమంది మనుషులు అని అడిగే గడి కనబడితే తప్పు దొరికినట్టే. ఇంకో గుర్తు, కార్డులో మెనూ ఉండాల్సిన చోట వైఫై, పార్కింగ్, ఏసీ లాంటి గది వసతులు కనబడతాయి. యజమాని మెనూ ఎక్కిద్దామని ఎంత వెతికినా ఆ చోటు దొరకదు, ఎందుకంటే లాడ్జికి మెనూ ఉంటుందని గూగుల్ అనుకోదు. తెరిచే వేళల బదులు చెక్-ఇన్, చెక్-అవుట్ వేళలు అడుగుతుంది.

రెండోది పిన్ను. ఇది డెల్టాలో మిగతా చోట్ల కంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే మనకి రోడ్డు పక్కనే కాలువ ఉంటుంది. పిన్ను ఇరవై మీటర్లు జరిగితే అది కాలువ అవతలి గట్టు మీద పడుతుంది. అప్పుడు దారి చూపే గొంతు బండివాణ్ణి అవతలి గట్టుకి తీసుకెళ్తుంది. హోటల్ బోర్డు కళ్ళెదురుగా కనబడుతుంది, మధ్యలో నీళ్ళు, వంతెన వెనక్కి రెండు కిలోమీటర్లు. ఆకలితో ఉన్నవాడు వెనక్కి తిరగడు, ముందున్న ఇంకో హోటల్‌కి పోతాడు. దీన్ని పట్టుకోవడానికి శాటిలైట్ చిత్రం పెట్టి, పిన్ను హోటల్ ఉన్న గట్టు మీదే, గుమ్మం దగ్గర ఉందో లేదో చూడండి. తర్వాత రెండు వైపుల నుంచీ దారి అడగండి. ఒక వైపు నుంచి సరిగ్గా వచ్చి, ఇంకో వైపు నుంచి గట్టు మారిందంటే పిన్ను తప్పు. కార్డు మొదట ఇంట్లో కూర్చుని తెరిచినా, డోర్ నంబరు మ్యాప్‌కి అర్థం కాకపోయినా ఇలా జరుగుతుంది.

మూడోది వేళలు. ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా అని ఒకే వరసలో పెట్టిన కార్డులే ఎక్కువ. నిజానికి టిఫిన్ పదిన్నరకి అయిపోతుంది, భోజనం పన్నెండుకి మొదలై మూడున్నరకి ముగుస్తుంది, మళ్ళీ టిఫిన్ సాయంత్రమే. నాలుగింటికి కుటుంబంతో దిగినవాడికి అన్నం లేదంటే, వాడు రాసే ఒక చుక్క రివ్యూ మీద యజమానికి కోపం వస్తుంది గానీ, తప్పు కార్డుది.

ఇంకొన్ని కూడా ఒకసారి చూసుకోండి. ఫోన్ నంబరు మోగుతుందా, అదే హోటల్‌కి రెండు కార్డులు ఉన్నాయా, వెబ్‌సైట్ లింకు తెరుచుకుంటుందా. ఆ లింకు చివర `business.site` అని ఉంటే అది చచ్చిపోయిన లింకే. అలాంటి ఉచిత పేజీలని గూగుల్ 2024లో మూసేసింది. దాన్ని తీసేయడమే పని.

దొరికినవన్నీ ఉత్తరంలో పెట్టకండి. పది తప్పులు చదివిన యజమానికి తన హోటల్‌ని తిట్టినట్టు ఉంటుంది. మూడు చాలు.

ఉత్తరం

ఒక ఉదాహరణ అనుకుందాం. కొత్తపేట వైపు కాలువ పక్కన రోడ్డు మీద భోజనం హోటల్. అరిటాకు భోజనం, చేపల పులుసు, ఆదివారం బిర్యానీ. పైన చెప్పిన మూడు తప్పులూ ఉన్నాయి. ఉత్తరం ఒక పేజీ దాటకూడదు, అక్షరాలు పెద్దవిగా ఉండాలి, వెనక పేజీలో రెండు స్క్రీన్‌షాట్లు అచ్చు వేయాలి.

> హోటల్ యజమాని గారికి,
>
> నమస్కారమండీ. మాది ఈ ఊళ్ళోనే చిన్న ఏజెన్సీ. గూగుల్ కంపెనీకి, మాకు ఏ సంబంధమూ లేదు. గూగుల్ మ్యాప్‌లో మీ హోటల్ ఎలా కనబడుతోందో మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి చూశాం. మూడు విషయాలు రాస్తున్నాం. మూడూ మీ ఫోన్‌లో మీరే చూసుకోవచ్చు.
>
> ఒకటి. మ్యాప్ తెరిచి మీ హోటల్ పేరు కొట్టండి. పేరు కింద Hotel అని ఉంది. గూగుల్ భాషలో అంటే లాడ్జి. అందుకే కింద గది ఏ తారీఖుకి కావాలని అడుగుతోంది. ఇప్పుడు పేరు తీసేసి `restaurants near me` అని కొట్టండి. మీ హోటల్‌లోనే కూర్చుని కొట్టినా మీ పేరు రాదు. వెనక పేజీలో మొదటి ఫోటో అదే.
>
> రెండు. మీ పిన్ను కాలువ అవతలి గట్టు మీద ఉంది. రావులపాలెం వైపు నుంచి వచ్చేవాళ్ళని మ్యాప్ అవతలి గట్టుకి పంపుతోంది. రెండో ఫోటో చూడండి.
>
> మూడు. ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా తెరిచే ఉంటుందని కార్డులో ఉంది. భోజనం వేళలు విడిగా లేవు.
>
> ఈ మూడూ సరిచేసి, మీ వంటల పేర్లు ధరలతో సహా కార్డులో ఎక్కిస్తాం. మీ వైపు నుంచి కావాల్సింది మీ జీమెయిల్ ఉన్న ఫోన్, ఒక అరగంట సమయం, మెనూ కాగితం. పాస్‌వర్డ్ మాకు చెప్పక్కర్లేదు. కార్డు మీ పేరు మీదే ఉంటుంది. మమ్మల్ని వద్దనుకున్న రోజున మీ ఫోన్ నుంచే తీసేయవచ్చు.
>
> మొదటి వరసలో తెప్పిస్తామని మేం చెప్పం. అది ఎవరి చేతిలోనూ లేదు. లాడ్జీల్లోంచి తీసి భోజన హోటళ్ళ వరసలో పెట్టిస్తాం, దారి మీ గుమ్మం దాకా తెస్తాం.
>
> గూగుల్ కార్డు ఉచితం. మా పనికి మాత్రం ఒక్కసారికి 5,000 రూపాయలు. పని అయ్యాక, మీ ఫోన్‌లో మీరు చూసుకున్నాకే ఇవ్వండి. నెలనెలా కట్టేది ఏమీ లేదు.
>
> గురువారం నాలుగింటికి వచ్చి కలుస్తాం. ఆ వేళ కుదరకపోతే ఈ నంబరుకి ఒక్క మాట చెప్పండి.

ఇందులో కొన్ని వాక్యాలు మర్యాద కోసం రాసినవి కావు. గూగుల్‌కి, మాకు సంబంధం లేదన్న మాట తప్పక ఉండాలి. ‘గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం’ అని ఫోన్ చేసి డబ్బు గుంజేవాళ్ళు ఇప్పటికే ఈ యజమానికి తగిలి ఉంటారు. కార్డు ఉచితమన్న సంగతి దాచకూడదని, ఫలానా స్థానం గ్యారంటీ అని చెప్పకూడదని గూగుల్ తన నియమాల్లోనే ఏజెన్సీలకి పెట్టింది. ధర అంకె మీ ఊరిని బట్టి, పనిని బట్టి మార్చుకోండి గానీ, ‘మాట్లాడుకుందాం’ అని మాత్రం వదిలేయకండి. ధర లేని ఉత్తరం చూస్తే ఎంత గుంజుతారోనన్న భయమే మిగులుతుంది.

రెండు మాటలు ఆశపడి కూడా రాయకండి. హోటల్ పేరు పక్కన ‘బెస్ట్ బిర్యానీ కొత్తపేట’ అని తగిలిస్తామనడం ఒకటి. బోర్డు మీద ఉన్న పేరే కార్డులో ఉండాలి. అదనపు మాటలు తగిలిస్తే కార్డు సస్పెండ్ కావచ్చు, అప్పుడు హోటల్ మ్యాప్‌లోనే ఉండదు. రివ్యూ రాస్తే స్వీటు ఉచితం అని బోర్డు పెట్టిద్దామనడం రెండోది. ప్రతిఫలం ఇచ్చి రివ్యూ రాయించుకోవడం నిషేధం. అడగడం తప్పు కాదు, ఇవ్వడం తప్పు.

ఎప్పుడు, ఎలా ఇవ్వాలి

మధ్యాహ్నం మూడున్నర దాటాక వెళ్ళండి. గల్లాపెట్టె దగ్గర రద్దీ తగ్గి, యజమాని భోంచేసి కూర్చునే వేళ అదే. ఆదివారం వద్దు, పెళ్ళి ముహూర్తాల రోజున వద్దు, సంక్రాంతి వారంలో అసలే వద్దు. కాగితం చేతికిచ్చి, ‘మీ ఫోన్‌లో ఒక్కసారి ఇది కొట్టి చూడండి’ అని మాత్రం చెప్పి ఆగండి. కొట్టేది ఆయనే అవ్వాలి. ఆయన వేలితో ఆయన నొక్కి, గది ఏ తారీఖుకి అన్న గడి చూసినప్పుడు, మీరు ఇంకేమీ వివరించక్కర్లేదు. ఫోన్‌లో ఆయన హోటల్ వచ్చేస్తే, హోటల్ పేరే కొట్టి వెతికారేమో చూసుకోండి, చాలామంది అదే చేస్తారు.

ఒప్పుకున్నాక మొదట తాళంచెవి

కార్డు ఎవరి చేతిలో ఉందో తేలకుండా ఏ పనీ మొదలుపెట్టకండి. యజమాని జీమెయిల్‌తో లాగిన్ అయి గూగుల్‌లో హోటల్ పేరు వెతికితే, కార్డు ఆయనదే అయినప్పుడు Edit profile అని కనబడుతుంది. అది రాకపోతే కార్డు ఇంకెవరి మెయిల్ మీదో ఉంది. సాధారణంగా కార్డు తెరిచిన బంధువుదో, ఎప్పుడో పని మానేసిన కుర్రాడిదో అయి ఉంటుంది. ముందు వాళ్ళకి ఫోన్ చేయించండి, అన్నిటికంటే దగ్గర దారి అదే. దొరక్కపోతే `business.google.com/add`లో హోటల్ పేరు వెతికి Request access నొక్కాలి. ఉన్న యజమానికి జవాబివ్వడానికి గూగుల్ 3 రోజులు ఇస్తుంది. జవాబు లేకపోతే, చాలా సందర్భాల్లో, మీరే ధృవీకరించుకుని తీసుకునే అవకాశం వస్తుంది. కోపంలో కొత్త కార్డు తెరవకండి. పాత రివ్యూలన్నీ పాత దాని మీదే ఉండిపోతాయి, పైగా రెండు కార్డులవుతాయి.

ధృవీకరణకి ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతోంది. మధ్యలో ఆపకుండా ఒకే వీడియోగా తీయాలి. రోడ్డు, పక్క షాపులు కనబడేలా మొదలుపెట్టి, బోర్డు చూపించి, షట్టర్ తాళం యజమాని చేత తీయించి, వంటిల్లు, గల్లాపెట్టె దాకా వెళ్ళండి. ఈ హోటల్ ఇక్కడే ఉంది, దీన్ని నడిపేది ఈ మనిషే అన్న రెండు సంగతులూ తెలియాలి. బ్యాంకు కాగితాలు, జనం ముఖాలు వీడియోలో పడనివ్వకండి. తలుపు మూసి ఉన్న వేళ బయట నుంచి బోర్డు మాత్రమే తీసిన వీడియోలు తిరిగొస్తాయి.

కార్డు యజమాని మెయిల్ మీదకి వచ్చాక మిమ్మల్ని Manager గా చేర్పించుకోండి, Owner గా కాదు. ఉత్తరంలో ఇచ్చిన మాట ఇదే.

మార్చే వరస

ముందు క్యాటగిరీ. Edit profile లో Business category దగ్గర Hotel తీసేసి, అసలు క్యాటగిరీగా ఒక్కటి ఎంచుకోండి. రోజూ ఏది ఎక్కువ అమ్ముడవుతుందో దాన్ని బట్టి ఎంచుకోవాలి. మన ఉదాహరణలో రోజూ అమ్ముడయ్యేది భోజనం కాబట్టి Andhra restaurant పెట్టి, అదనంగా Biryani restaurant, Restaurant చేరిస్తే చాలు. అదనపు క్యాటగిరీలు తొమ్మిది దాకా పెట్టుకోవచ్చు గానీ, అన్నీ నింపితే బలం రాదు. ఐస్‌క్రీం అమ్మని చోటికి ఐస్‌క్రీం క్యాటగిరీ పెడితే వచ్చినవాడు తిట్టుకుంటాడు. పైఅంతస్తులో నిజంగానే లాడ్జి ఉంటే ఈ క్యాటగిరీ మార్చకండి. లాడ్జికి ఈ కార్డు ఉంచి, కింది భోజనశాలకి వేరే కార్డు తెరవాలి, దానికి వేరే ఫోన్ నంబరు ఉంటే మరీ మంచిది.

క్యాటగిరీ మారాక రివ్యూలు ఎక్కడికీ పోవు. మళ్ళీ ధృవీకరించమని అడగవచ్చు, అందుకే యజమాని ఫోన్ దగ్గర ఉన్నప్పుడే మార్చండి. మార్పు కొన్ని నిమిషాల్లో కనబడవచ్చు, కొన్ని రోజులూ పట్టవచ్చు. అది కనబడ్డాకే పిన్ను, వేళలు ముట్టుకోండి. పేరు, చిరునామా, క్యాటగిరీ, ఫోన్ అన్నీ ఒకే పూట మారిస్తే గూగుల్‌కి అనుమానం వస్తుంది, కార్డు ఆగిపోవచ్చు.

పిన్ను హోటల్ పైకప్పు మీద కాకుండా, రోడ్డు వైపు గుమ్మం దగ్గర పెట్టండి. వేళల దగ్గర ఒకే రోజుకి రెండు మూడు ముక్కలు చేర్చుకోవచ్చు: ఆరు నుంచి పదిన్నర, పన్నెండు నుంచి మూడున్నర, అయిదు నుంచి పది. పండగ సెలవులని Special hours లో విడిగా పెట్టాలి, రోజువారీ వేళలని చెరపకూడదు.

చివర మెనూ. గోడ మీది మెనూ బోర్డు ఫోటో ఒక్కటి పెట్టి వదిలేయకండి, వంటల పేర్లు టైపు చేయండి. ఊరివాడు, కొత్తవాడు ఇద్దరూ వెతికేలా రెండు పేర్లూ ఉండాలి:

```
Royyala Vepudu - Prawns Fry
Chepala Pulusu - Fish Curry
Aritaku Bhojanam - Banana Leaf Meals
```

పులస సంగతి జాగ్రత్త. ఏటికి ఎర్రనీరు వచ్చి చేప దొరికే రోజుల్లోనే మెనూలో పెట్టండి, సీజన్ అవగానే తీసేయండి. దాన్ని ఏడాది పొడుగునా ఉంచితే, ఫిబ్రవరిలో హైదరాబాదు నుంచి పులస కోసం వచ్చినవాడి రివ్యూ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

నెల తర్వాత అవే మూడు చోట్ల, అదే వేళకి, అవే నాలుగు మాటలు మళ్ళీ వెతికి స్క్రీన్‌షాట్లు తీయండి. కార్డులో Performance తెరిచి, దారి అడిగినవాళ్ళు ఎంతమంది, ఫోన్ చేసినవాళ్ళు ఎంతమంది, ఏ మాటలు కొట్టి వచ్చారో యజమానికి చూపించండి. పెళ్ళిళ్ళ నెలని మూఢం నెలతో పోల్చకండి, ఆ తేడా మీ పని వల్ల వచ్చింది కాదు. క్యాటగిరీ మళ్ళీ Hotel కి మారిందేమో కూడా అప్పుడప్పుడు చూడండి. మ్యాప్ చూసేవాళ్ళు ఎవరైనా Suggest an edit నొక్కి మార్పు సూచించవచ్చు, బోర్డు మీద హోటల్ అని పెద్దక్షరాల్లో ఉంది కాబట్టి ఎవరో ఒకరు మంచి మనసుతోనే ఆ మార్పు పంపిస్తారు. మారితే అదే చోట మళ్ళీ Andhra restaurant పెట్టి, రోడ్డు మీద నుంచి తీసిన బోర్డు ఫోటోతో పాటు అరిటాకు భోజనం ఫోటోలు, కూర్చునే హాలు ఫోటోలు ఎక్కించండి. గదులు లేవని చూసేవాడికి ఆ ఫోటోలతోనే తెలుస్తుంది.